నష్ట పరిమితి తాళం చెవి ఆ రోజుకు ట్రేడరు చేతిలో ఉండకూడదు: సెబీకి, బ్రోకర్లకు బహిరంగ లేఖ

సెబీ బోర్డు వారికి, స్టాక్ ఎక్స్ఛేంజీల రిస్క్ విభాగాలకు, స్టాక్ బ్రోకింగ్ సంస్థల యాజమాన్యాలకు,

నమస్కారం.

ఈ లేఖలో మా కోరిక ఒక్కటే. "ఈ రోజు ఇంత పోతే ఇక ఆపేస్తాను" అని ట్రేడరు మార్కెట్ తెరవకముందే ఒక అంకె ఇస్తే, దాన్ని బ్రోకర్ సర్వర్ పట్టుకుని కూర్చోవాలి. నష్టం ఆ అంకెకు చేరగానే ఆ రోజు సెషన్ ముగించాలి. మళ్లీ తెరవమని ఆ ట్రేడరే బతిమాలినా మర్నాటి దాకా తెరవకూడదు. ఈ సదుపాయం ప్రతి బ్రోకర్ దగ్గరా ఒకే తీరుగా ఉండాలి.

ఇండెక్స్ ఆప్షన్లలో చిన్న ట్రేడర్ల పరిస్థితి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో సెబీ వెలువరించిన అధ్యయనమే చెప్పింది: 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్లలో, ట్రేడ్ చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమే వచ్చింది. అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. అదే అధ్యయనంలో మమ్మల్ని ఇంకా ఎక్కువ ఆలోచింపజేసిన మాట మరొకటి ఉంది. వరుసగా రెండేళ్లు నష్టపోయినవాళ్లలో మూడొంతులకు పైగా మళ్లీ ట్రేడ్ చేస్తూనే ఉన్నారు. పోయినదాన్ని పోయిన చోటే రాబట్టుకోవాలన్న పట్టుదల ఏళ్ల లెక్కలో కనిపించే తీరు అది. అదే పట్టుదల ఒక్క రోజులో, ఒక్కోసారి గంటలోపే, ఎలా పనిచేస్తుందో చూపించడానికే ఈ లేఖ. మార్కెట్‌లో దానికి రివెంజ్ ట్రేడింగ్ అని పేరు.

మీరు ఇప్పటికే చేసినవి తక్కువేం కాదు. 2023 జులై నుంచి లాగిన్ అయిన ప్రతిసారీ "పదిమందిలో తొమ్మిదిమందికి నష్టం" అనే హెచ్చరికను ట్రేడరు చూసి ఒప్పుకుంటేనే స్క్రీన్ తెరుచుకుంటోంది. 2024 అక్టోబరు సర్క్యులర్‌తో కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షలకు పెంచారు, ఆప్షన్ల గడువు ముగిసే వారపు ఎక్స్‌పైరీలను ఎక్స్ఛేంజీకి ఒక్క ఇండెక్సుకు పరిమితం చేశారు. కానీ హెచ్చరిక కనిపించేది ఉదయం తొమ్మిదింటికి, మనిషి నెమ్మదిగా ఉన్నప్పుడు. ప్రమాదం వచ్చేది స్టాప్‌లాస్, అంటే నష్టాన్ని ఆపేందుకు ముందే పెట్టుకున్న ధర, తగిలిన తర్వాతి పది నిమిషాల్లో. ఆ పది నిమిషాల్లో స్క్రీన్ మీద అడ్డు చెప్పేది ఏదీ లేదు. పైగా అంతకుముందు నొక్కిన స్ట్రైక్ ధర ఆప్షనే వాచ్‌లిస్టులో పైన ఉంటుంది, క్వాంటిటీ పెట్టెలో ఇంకో సున్నా చేర్చడానికి అర క్షణం చాలు.

ఒక రోజును పూర్తిగా లెక్కవేసి చూపిస్తాం. ఇది నమూనా లెక్క. నిఫ్టీ ఆప్షన్లలో కనీస ట్రేడు పరిమాణమైన లాటు 75 యూనిట్లుగా ఉన్న 2025 నాటి మంగళవారం ఎక్స్‌పైరీ అనుకుందాం. ఖాతాలో 2,00,000 రూపాయలు ఉన్నాయి. ట్రేడరు తనకు తాను పెట్టుకున్న రోజువారీ పరిమితి ఖాతాలో 2 శాతం, అంటే 4,000. ఆర్డరుకు బ్రోకరేజీ 20 రూపాయలు. అమ్మిన ప్రీమియం, అంటే ఆప్షన్ ధర, మీద అప్పటి లావాదేవీ పన్ను ఎస్‌టీటీ 0.1 శాతం. వీటికి ఎక్స్ఛేంజీ ఛార్జీలు, జీఎస్‌టీ, స్టాంపు డ్యూటీ కలుస్తాయి.

ఉదయం 9.40కి ఇండెక్స్ పెరిగితే లాభమిచ్చే కాల్ ఆప్షన్‌ను ఒక లాటు 80కి కొన్నాడు. స్టాప్‌లాస్ 60. పావుగంటలో అది తగిలింది. 20 పాయింట్లు, 75 యూనిట్లు, 1,500 నష్టం. ఛార్జీలు సుమారు 56. ఇంతవరకూ తప్పేం లేదు, ప్లాను ప్రకారం వచ్చిన మామూలు నష్టం. మార్కెట్ కిందికే వెళ్తోందని నమ్మి పుట్ వైపు తిరిగాడు. ఈసారి రెండు లాట్లు, 90కి కొనుగోలు, 75కి స్టాప్‌లాస్. అదీ తగిలింది. 2,250 నష్టం, ఛార్జీలు 69 దాకా. రెండూ కలిపి 3,875. పరిమితిలో మిగిలింది 125 రూపాయలు. అప్పటికి టైము పదిన్నర కూడా కాలేదు.

సెషన్ ముగియాల్సింది ఇక్కడే. 4,000 ఇంకా తగల్లేదు కదా అనుకుంటారు. కానీ 125 రూపాయల రిస్క్‌తో ఒక్క లాటు కూడా సరిగ్గా ట్రేడ్ చేయలేరు. ఇరవై పాయింట్ల స్టాప్‌లాస్ పెడితే ఒక లాటుకే 1,500 కావాలి. మిగిలిన పరిమితిలో తర్వాతి ట్రేడు రిస్క్ పట్టకపోతే పరిమితి తగిలినట్టే లెక్క. ఈ సూక్ష్మం చాలామంది ట్రేడర్లకే కాదు, ఇప్పుడున్న కొన్ని యాప్‌లకూ పట్టడం లేదు. అవి నష్టం గీత దాటాకే చూస్తాయి, ట్రేడు ఎంట్రీకి ముందు చూడవు.

తాళం లేకపోతే ఆ రోజు ఎలా సాగుతుందో చూడండి. 3,875 పోయింది. ఐదు లాట్లు కొంటే 375 యూనిట్లు, పదిన్నర పాయింట్లు వస్తే పోయిందంతా వెనక్కి వస్తుంది. ఆ కూడిక మనసులో సెకన్లలో జరిగిపోతుంది. ట్రేడు సైజును నిర్ణయించేది ఇక చార్టు కాదు, పోయిన మొత్తం. రివెంజ్ ట్రేడును మామూలు ట్రేడు నుంచి వేరు చేసే అసలు గుర్తు ఇదే. 10.35కి ఐదు లాట్లు 70కి కొన్నాడు, స్టాప్‌లాస్ ఆర్డరు పెట్టలేదు. ఎందుకంటే స్టాప్‌లాస్ తగిలితే మూడో ఓటమిని ఒప్పుకోవాలి. ధర 50కి పడింది, 7,500 నష్టం. ఇంకో ఐదు లాట్లు 50కి కొని యావరేజ్ చేశాడు. ఇప్పుడు చేతిలో 750 యూనిట్లు, సగటు ధర 60. మధ్యాహ్నానికి ధర 38. తట్టుకోలేక అమ్మేశాడు. 22 పాయింట్లు, 750 యూనిట్లు, 16,500 నష్టం. ఛార్జీలు 131. మొత్తం 20,506.

మధ్యాహ్నం రెండు దాటాక, ఎక్స్‌పైరీ రోజు ఇండెక్సుకు దూరపు స్ట్రైక్ ధరల ఆప్షన్లు ఐదు, పది రూపాయలకు దొరుకుతాయి. ట్రేడర్లు వాటిని హీరో-జీరో ట్రేడ్లంటారు. ఇరవై లాట్లు, 1,500 యూనిట్లు, 8 రూపాయల చొప్పున 12,000 పెట్టాడు. మూడున్నరకు సున్నా. ఛార్జీలు 29. రోజు ముగిసేసరికి నష్టం 32,535, అంటే ఖాతాలో 16 శాతానికి పైగా. మిగిలిన 1,67,465 మళ్లీ రెండు లక్షలు కావాలంటే 19.4 శాతం లాభం రావాలి.

ఈ మొత్తాన్ని పదిన్నర దగ్గర గీత గీసి రెండు ముక్కలు చేయండి. గీతకు ముందు పోయింది 3,875. గీత తర్వాత పోయింది 28,660. ఆ రోజు నష్టంలో 88 శాతం, ఆపాల్సిన చోటు దాటాక వచ్చింది. ట్రేడరు పద్ధతిలో లోపాలుంటే ఉండొచ్చు, కాల్ బదులు పుట్ ముందే కొని ఉండాల్సింది కావచ్చు. కానీ ఖాతాను దెబ్బ తీసింది ఆ విశ్లేషణ కాదు. లాట్లు ఒకటి, రెండు, ఐదు, పది, ఇరవై అయిన వరస.

ఇది చదువుకోని, అనుభవం లేని ట్రేడర్ల జబ్బు అని కొట్టిపారేయడానికి వీల్లేదు. చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో ట్రెజరీ బాండ్ ఫ్యూచర్స్ పిట్‌లో సొంత డబ్బుతో ట్రేడ్ చేసే వృత్తి ట్రేడర్ల 1998 నాటి రికార్డులను జాషువా కోవల్, టైలర్ షమ్‌వే అనే పరిశోధకులు పరిశీలించారు. 2005లో ప్రచురించిన ఆ పత్రం ప్రకారం, ఉదయం లాభంలో ఉన్నవాళ్లతో పోలిస్తే ఉదయం నష్టపోయినవాళ్లు మధ్యాహ్నం మామూలుకన్నా ఎక్కువ రిస్క్ తీసుకునే అవకాశం 16 శాతం దాకా ఎక్కువ. ఆ రిస్క్ కోసం వాళ్లు ముందున్న ధరకన్నా ఎక్కువకు కొన్నారు, తక్కువకు అమ్మారు కూడా. రోజూ అదే పని చేసేవాళ్లు, అదే బతుకుదెరువైనవాళ్లు అలా చేశారు. ఫోన్‌లో ఒంటరిగా ట్రేడ్ చేసేవాడి నుంచి అంతకన్నా నిగ్రహం ఆశించి నియమాలు రాస్తే అవి కాగితం మీదే ఉంటాయి. సంస్థల డెస్కుల్లో ట్రేడరుకు పైన రిస్క్ మేనేజర్ ఉంటాడు, నష్టం గీత దాటితే లేచి బయటికి వెళ్లమంటాడు. ఇంట్లో కూర్చున్నవాడికి ఆ మనిషి లేడు. ఆ స్థానంలో సర్వర్‌ను పెట్టమనే మేం అడుగుతున్నాం.

ఇందుకు కావలసిన యంత్రాంగంలో సగం మీరే ఎప్పుడో కట్టారు. 2024 జనవరి 12న సెబీ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తన ఖాతాలో అనుమానాస్పద లావాదేవీ కనిపిస్తే క్లయింటు ఆన్‌లైన్ యాక్సెస్‌ను స్వచ్ఛందంగా స్తంభింపజేయమని కోరవచ్చు. మార్కెట్ సమయంలో అడిగితే 15 నిమిషాల్లో ఆపాలి, పెండింగ్ ఆర్డర్లు రద్దు చేయాలి, ఓపెన్ పొజిషన్ల వివరాలు గంటలోపు క్లయింటుకు పంపాలి. అది 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. దొంగ చేతి నుంచి ఖాతాను కాపాడేందుకు చేసిన ఏర్పాటు అది. నష్టం తగిలిన గంటలో తన చేతి నుంచే తన ఖాతాను కాపాడుకోవాలనుకునే క్లయింటుకు అదే ఏర్పాటు కొద్ది మార్పులతో పనికొస్తుంది. కొన్ని యాప్‌లలో ట్రేడింగ్‌ను ఆపేసే కిల్ స్విచ్ ఉంది, కొన్నింటిలో నష్ట పరిమితి పెట్టుకునే వీలూ ఉంది. కానీ వాటి మధ్య పొంతన లేదు. కిల్ స్విచ్ నొక్కాల్సింది మనిషి. ఆ క్షణంలో అతను నొక్కడు, నొక్కగలిగే స్థితిలో ఉంటే దాని అవసరమే రాదు.

తాళం ఎలా ఉండాలో వివరంగా చెప్తాం, ఎందుకంటే సగం సగం కట్టిన తాళం లేనిదానికన్నా చెడ్డది.

మొదట నష్టం లెక్క. బుక్ అయిన నష్టాన్ని మాత్రమే లెక్కిస్తే ట్రేడరు పొజిషన్ మూయడు. మూస్తే తాళం పడుతుందని తెలుసు గనుక పడిపోతున్న ఆప్షన్‌ను సున్నా దాకా పట్టుకుంటాడు. అంటే రక్షించాల్సిన నియమమే అతన్ని నష్టంలో కట్టేస్తుంది. అందుకే లెక్క ఇలా ఉండాలి:

```
మిగిలిన పరిమితి = రోజు పరిమితి
                 − (బుక్ అయిన నష్టం
                    + ఓపెన్ పొజిషన్ల ఎంటీఎం నష్టం
                    + ఆ రోజు ఛార్జీలు)
```

ఎంటీఎంను, అంటే ఇంకా మూయని పొజిషన్ల అప్పటి లాభనష్టాన్ని, చివరి ట్రేడు ధరతో లెక్కిస్తే దూరపు స్ట్రైకుల్లో తప్పుడు తాళాలు పడతాయి. ఎవరో ఒక లాటు వింత ధరకు అమ్మితే ఆ క్షణం మీ పొజిషన్ భారీ నష్టంలో ఉన్నట్టు కనిపిస్తుంది. కొనేవాడి ధరకూ అమ్మేవాడి ధరకూ మధ్య విలువ తీసుకోవాలి, నష్టం కనీసం ఐదు సెకన్లు గీత కింద నిలబడితేనే తాళం వేయాలి. 9.15కు మార్కెట్ తెరుచుకున్న మొదటి నిమిషంలో ఆ రెండు ధరల మధ్య దూరం మరీ ఎక్కువగా ఉంటుంది, అప్పుడు ఇది తప్పనిసరి.

తర్వాత తాళం పడే వరస. ఇక్కడ తొందరపాటుతో రాసిన ప్రోగ్రాము కొత్త ప్రమాదం తెస్తుంది. ముందు కొత్త ఆర్డర్లు ఆపాలి. ఆ వెంటనే పెండింగ్ ఆర్డర్లన్నీ, ధర తగిలేదాకా రోజుల తరబడి వేచి ఉండే జీటీటీలతో సహా, రద్దు చేయాలి. రద్దు అయినట్టు ఎక్స్ఛేంజీ నుంచి ఖరారయ్యాకే పొజిషన్లు మూయాలి. ఈ మధ్య మెట్టు వదిలేస్తే ఏమవుతుందంటే, కొన్న ఆప్షన్‌కు ట్రేడరు పెట్టిన స్టాప్‌లాస్ అమ్మకం ఆర్డరూ, సిస్టమ్ వేసిన అమ్మకం ఆర్డరూ రెండూ అమలవుతాయి. మూసేయాల్సిన పొజిషన్ కాస్తా నేకెడ్ షార్ట్, అంటే రక్షణ లేని అమ్మకం, అవుతుంది. హెడ్జ్ చేసిన పొజిషన్లలో, అంటే అమ్మిన ఆప్షన్, దానికి రక్షణగా కొన్న ఆప్షన్ అనే కాళ్లున్నవాటిలో, అమ్మిన కాళ్లను ముందు తిరిగి కొనాలి, ఆ తర్వాతే కొన్న కాళ్లను అమ్మాలి. తిరగేసి చేస్తే రక్షణ కాలు ముందు పోయి, బ్రోకర్ పట్టి ఉంచే మార్జిన్ సొమ్ము ఒక్కసారిగా పెరిగి, మిగిలిన షార్ట్ కాలు నగ్నంగా నిలబడుతుంది. అన్ని పొజిషన్లూ సున్నా అయ్యాయని చూసుకున్నాకే ఖాతా లాక్ కావాలి.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. 4,000 పరిమితి పెట్టుకుంటే సరిగ్గా 4,000 దగ్గరే ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2021 సెప్టెంబరు నుంచి ఎన్‌ఎస్‌ఈ ఆప్షన్లలో స్టాప్‌లాస్ మార్కెట్ ఆర్డర్లు లేవు, స్టాప్‌లాస్‌కు లిమిట్ ధర పెట్టాల్సిందే. ధర వేగంగా పడితే లిమిట్ ఆర్డరు అక్కడే మిగిలిపోతుంది. అందుకని సిస్టమ్ ఆర్డరు కాస్త ఎడంగా ధర పెట్టి, అమలు కాకపోతే రెండు మూడు సెకన్లకోసారి కొత్త ధరతో సవరిస్తూ పోవాలి. ఫలితంగా 4,000 పరిమితి కొన్ని రోజుల్లో 4,300, 4,400 కావచ్చు. ఈ విషయం పరిమితి పెట్టుకునే తెర మీదే తెలుగులో, ఆయా క్లయింటు భాషలో రాసి ఉండాలి. లేకపోతే మొదటిసారి తేడా వచ్చిన రోజునే ట్రేడరు బ్రోకర్ మోసం చేశాడని అనుకుని దాన్ని తీసేస్తాడు.

అన్నిటికన్నా ముఖ్యం తాళం తీసే నియమం. పరిమితిని తగ్గించుకోవడం ఎప్పుడైనా, అప్పటికప్పుడు అమల్లోకి రావాలి. పెంచుకోవడం, తీసేయడం మాత్రం మర్నాటి ట్రేడింగ్ రోజు నుంచే అమలు కావాలి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినా, ఈమెయిల్ పంపినా, రిలేషన్‌షిప్ మేనేజర్ చెప్పినా మినహాయింపు ఉండకూడదు. మేనేజర్ చేతిలో మినహాయింపు అధికారం ఉంటే అది రోజూ వాడుకలోకి వస్తుంది, ఎందుకంటే పదిన్నరకు ఫోన్ చేసే క్లయింటు చాలా బలంగా వాదిస్తాడు. లాక్ యాప్‌లో కాకుండా బ్రోకర్ ఆర్డర్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో ఉండాలి. యాప్‌లో ఉంటే వెబ్ నుంచి ఆర్డరు వేస్తాడు, వెబ్‌లో కూడా ఆపితే సొంత ప్రోగ్రాముతో ఏపీఐ నుంచి వేస్తాడు. అన్ని దారులూ కలిసే చోట గేటు పెట్టాలి. లాక్ పడిన రోజు యూపీఐ ద్వారా ఎఫ్ అండ్ ఓ మార్జిన్‌కు డబ్బు జమ చేయడాన్నీ ఆపాలి, లేకపోతే లాక్ చూసి ఇంకో సెగ్మెంట్‌లోకి డబ్బు తెస్తాడు. ఒక పని మాత్రం ఎప్పుడూ తెరిచే ఉండాలి. గత రోజు నుంచి మోసుకొచ్చిన పొజిషన్‌ను మూయడం. బయటికి వెళ్లే తలుపు మూసిన తాళం ప్రాణాంతకం. మోసుకొచ్చిన పొజిషన్లను రోజువారీ పరిమితి లెక్కలోకి తేవాలా వద్దా అన్నది క్లయింటు ముందే ఎంచుకోవాలి. రాత్రికి రాత్రి ధరలో వచ్చిన గ్యాప్ వల్ల 9.15కే పరిమితి తగిలి హెడ్జ్ ఊడిపోవడం ఎవరూ కోరుకోరు.

ఈ పరిమితి ఎంత ఉండాలో మీరు నిర్ణయించవద్దు. అది ట్రేడరు పద్ధతిని బట్టి మారుతుంది. అయితే పరిమితి పెట్టుకునే తెర మీద రెండు అంకెలు చూపిస్తే సరిపోతుంది: ఖాతాలో 2 శాతం ఎంత అవుతుందో, అతను ఇచ్చిన ఒక ట్రేడు రిస్క్‌కు మూడు రెట్లు ఎంత అవుతుందో. రెండిట్లో చిన్నది తీసుకోవడం మేం మంచిదనుకుంటున్నాం. కారణం లెక్కలోనే ఉంది. పదింటిలో ఐదు ట్రేడులు గెలిచే పద్ధతిలో, మొదటి ట్రేడే ఓడే రోజులు సగం ఉంటాయి. పరిమితిని ఒక్క స్టాప్‌లాస్‌కు సమానంగా పెడితే సగం రోజులు ఉదయమే ముగిసిపోతాయి, రెండు వారాల్లో ట్రేడరు ఆ నియమాన్ని పీకేస్తాడు. మొదటి మూడూ వరసగా ఓడే రోజులు ఎనిమిదింట ఒకటి. ఎనిమిది రోజులకోసారి తొందరగా లాక్ కావడాన్ని మనిషి భరించగలడు. పది స్టాప్‌లాస్‌లకు సరిపోయే పరిమితి మాత్రం లేనట్టే, ఎందుకంటే అప్పటికే లాట్లు పెంచడం మొదలై ఉంటుంది.

50,000 ఖాతాతో ఈ లెక్క వేస్తే 2 శాతం అంటే 1,000. పై నమూనాలోని 75 యూనిట్ల లాటుకు ఇరవై పాయింట్ల స్టాప్‌లాసే 1,500. అంటే ఆ ఖాతా ఆ తరహా ట్రేడుకు సరిపోదని లెక్క చెబుతోంది. అక్కడ చేయాల్సింది పరిమితిని 3 శాతానికో 5 శాతానికో సాగదీయడం కాదు, ఆ ట్రేడు మానుకోవడం. తెర మీద ఈ మాట సూటిగా కనిపించాలి. బ్రోకర్లకు ఇది చేదుగా ఉంటుందని తెలుసు.

బ్రోకర్ల ఆదాయం గురించి కూడా మాట్లాడదాం. ఆర్డర్లు తగ్గితే బ్రోకరేజీ తగ్గుతుందన్న భయం సహజం. పైన చెప్పిన రోజులో పదిన్నర తర్వాత పడిన ఆర్డర్లు నాలుగు. బ్రోకర్‌కు అదనంగా వచ్చింది 80 రూపాయలు. ఆ 80 కోసం క్లయింటు ఖాతా 28,660 రూపాయలు తగ్గింది. అలాంటి రోజులు ఇంకో ఐదు వస్తే ఆ ఖాతా దాదాపు ఖాళీ, ఆ తర్వాత ఏ ఆర్డరూ రాదు. రోజుకు రెండు మూడు ట్రేడులు వేస్తూ ఏళ్ల తరబడి నిలిచే క్లయింటు ఇచ్చే బ్రోకరేజీతో పోల్చి చూడండి. మీ రిస్క్ డెస్కుల్లో పనిచేసేవాళ్లకు ఇది తెలుసు. వాళ్ల మాట ప్రోడక్ట్ మీటింగుల్లో వినిపించాలి.

మీ దగ్గరున్న ట్రేడ్ బుక్‌లోనే రివెంజ్ ట్రేడింగ్‌ను గుర్తించవచ్చు. నష్టంతో బయటికి వచ్చిన సమయానికీ తర్వాతి ఎంట్రీకీ మధ్య గడువు చూడండి. ఆ ట్రేడరు మామూలు గడువు అరగంట అయితే, నష్టం తర్వాత అది రెండు మూడు నిమిషాలకు పడిపోతుంది. తర్వాత క్వాంటిటీ: నష్టం వెనక వచ్చిన ట్రేడుల సగటు లాట్లు, లాభం వెనక వచ్చిన వాటికన్నా రెట్టింపైతే అనుమానం అక్కర్లేదు. మూడోది, పెట్టిన స్టాప్‌లాస్ ఆర్డరును ధర దగ్గరకు వచ్చాక రద్దు చేయడం లేదా కిందికి జరపడం. ఆర్డర్ లాగ్‌లో ఇది సెకన్లతో సహా ఉంటుంది. ఈ మూడింటినీ నెలకోసారి ఒక పేజీలో క్లయింటుకు పంపితే చాలు. "ఈ నెల మీ నష్టంలో ఇంత శాతం రెండో నష్టం తర్వాతి ట్రేడుల్లో వచ్చింది" అన్న ఒక్క వాక్యం, లాగిన్ హెచ్చరిక వందసార్లు చేయలేని పని చేస్తుంది, ఎందుకంటే అది కోటి మంది సగటు కాదు, అతని సొంత లెక్క.

ఒక చిక్కును ఈ నియమం తీర్చదు. ఒక బ్రోకర్ దగ్గర తాళం పడితే ఇంకో బ్రోకర్ యాప్ తెరిచేవాళ్లు ఉంటారు, ఇంట్లోవాళ్ల ఖాతా వాడేవాళ్లూ ఉంటారు. పాన్ ఆధారంగా అన్ని బ్రోకర్ల దగ్గరా ఒకేసారి తాళం వేసే ఏర్పాటు ఎక్స్ఛేంజీల స్థాయిలో సాధ్యమే, క్లయింటు వారీ పొజిషన్లను పాన్‌తో కలిపి చూడటం వాటికి కొత్త కాదు. దాన్ని రెండో దశగా పెట్టుకోండి, మొదటి దశను దానికోసం ఆపొద్దు. ఇంకో యాప్ తెరిచి, డబ్బు పంపి, వాచ్‌లిస్టు కట్టుకోవడానికి పట్టే పది పదిహేను నిమిషాలే చాలామందిని ఆపేస్తాయి. ఆ ఊపు తగ్గడానికి కావాల్సింది అంతే.

ఈ సదుపాయం వచ్చేదాకా ట్రేడర్లు చేయగలిగింది కూడా ఉంది, బ్రోకర్లు తమ సహాయ పేజీల్లో దాన్ని రాయవచ్చు. ఎఫ్ అండ్ ఓ ఖాతాలో ఆ వారం ట్రేడులకు కావాల్సినంతే ఉంచి మిగతాది బ్యాంకుకు తీసేసుకోవాలి. బ్యాంకు యాప్‌లో వీలుంటే యూపీఐ పరిమితిని తగ్గించుకోవాలి. మార్కెట్ తెరవకముందే ఆ రోజు పరిమితిని, ఒక్కో ట్రేడు రిస్క్‌ను కాగితం మీద రాయాలి, ప్రతి ట్రేడు తర్వాత ఛార్జీలతో కలిపి మిగిలింది ఎంతో అందులోనే తీసేయాలి. మిగిలింది ఒక ట్రేడు రిస్క్‌కన్నా తక్కువైన క్షణం కిల్ స్విచ్ ఉంటే నొక్కాలి. లేకపోతే పెండింగ్ ఆర్డర్లు రద్దు చేసి లాగౌట్ కావాలి. రోజు మొదట్లో లాభంలోకి వెళ్లినవాళ్లకు ఇంకో జాగ్రత్త కావాలి. 6,000 లాభం నుంచి 4,000 నష్టానికి జారితే పోయింది 10,000, కానీ పరిమితి లెక్కలో 4,000 అనే కనిపిస్తుంది. అలాంటివాళ్లు ఆ రోజు అత్యధిక లాభం నుంచి కొలిచే రెండో గీత కూడా పెట్టుకోవాలి.

మా కోరికలను మళ్లీ స్పష్టంగా పెడుతున్నాం. సెబీ 2024 జనవరి సర్క్యులర్‌ను విస్తరించి, క్లయింటు ముందుగా ఇచ్చిన నష్ట అంకె తగిలినప్పుడు ఖాతా దానంతటదే లాక్ అయ్యే సదుపాయాన్ని ఎఫ్ అండ్ ఓ సెగ్మెంట్ ఉన్న ప్రతి బ్రోకర్‌కూ తప్పనిసరి చేయాలి. సెగ్మెంట్ యాక్టివేట్ చేసే సమయంలోనే ఆ అంకె అడగాలి. వద్దనుకుంటే ఖాళీ వదిలే స్వేచ్ఛ ఉండాలి. లెక్కలో ఎంటీఎం, ఛార్జీలు కలవాలి. ఆర్డర్లు రద్దు చేసే, పొజిషన్లు మూసే వరసను ఎక్స్ఛేంజీలు ఒకే ప్రమాణంగా ప్రకటించాలి. పెంపు మర్నాటి నుంచే. అమలుకు ముందు ఆరు నెలలు ఒక నమూనా అమలు పెట్టి, తాళం తగిలిన రోజుల్లో క్లయింట్లు ఇంకో బ్రోకర్ దగ్గరికి వెళ్లారా, ఎంతసేపటికి వెళ్లారు అన్న అంకెలను సెబీ బయటపెట్టాలి. రెండో దశ అవసరమో కాదో ఆ అంకెలే తేలుస్తాయి.

ఇట్లు,
తెలుగు రాష్ట్రాల్లో ఇండెక్స్ ఆప్షన్లు ట్రేడ్ చేసేవాళ్లం, బ్రోకింగ్ సంస్థల రిస్క్ డెస్కుల్లో పనిచేసేవాళ్లం